ఇంక్యుబేటర్ కంట్రోలర్ రివ్యూ: సెన్సర్ వైరు ఊడితే ఏమవుతుంది?

నమస్కారం అండి. గుడ్లు పొదిగించడానికి నేను కట్టుకున్న కంట్రోలర్ ఇదే. ఆర్డుయినో, ఉష్ణోగ్రతకు DS18B20, తేమకు వేరే సెన్సర్, హీటర్‌కు రిలే, ట్రే తిప్పడానికి చిన్న మోటరు. కోడిగుడ్లకు ఫ్యాన్ ఉన్న పెట్టెలో 37.5 డిగ్రీలు కావాలి. అంతవరకూ ఇది బాగానే నిలబెడుతోంది. నాకు టెన్షన్ అంతా ఏదైనా పాడైనప్పుడు ఇది ఏం చేస్తుందన్న దాని మీదే.

ఇప్పుడు సెన్సర్ వైరు లాగేస్తున్నాను. స్క్రీన్ మీద -127 కనిపిస్తోంది కదా? సెన్సర్ దొరకనప్పుడు లైబ్రరీ ఇచ్చే అంకె అది. నా మొదటి ప్రోగ్రాం మాత్రం దాన్ని నిజమైన ఉష్ణోగ్రతే అనుకుంది. లోపల బాగా చల్లగా ఉందని హీటర్ వేసి, ఇక ఆపనే లేదు. ఖాళీ పెట్టెలో పరీక్షించాను కాబట్టి సరిపోయింది, లేకపోతే గుడ్లన్నీ పోయేవి. అందుకే ఈ నాలుగు లైన్లు పెట్టాను:

```
if (t < 5 || t > 38.5) {
  digitalWrite(HEATER, LOW);
  digitalWrite(BUZZER, HIGH);
}
```

నా రిలేకి LOW అంటే ఆఫ్. చాలా మాడ్యూళ్లలో ఇది తిరగబడి ఉంటుంది, మీది ఒకసారి చూసుకోండి. కరెంటు వచ్చిన వెంటనే ఈ సెన్సర్ ఒక్కోసారి 85 చూపిస్తుంది, అది కూడా ఈ షరతులోనే పడుతుంది.

అయితే ప్రోగ్రాం చేతిలో లేని తప్పు ఒకటుంది. రిలే లోపలి కాంటాక్టులు అతుక్కుపోతే, LOW అని ఎన్నిసార్లు చెప్పినా హీటర్ ఆగదు. బజర్ మోగుతుంది, వేడి పెరుగుతూనే ఉంటుంది. అందుకని హీటర్ వైరు మధ్యలో 39 దగ్గర తెగే మెకానికల్ థర్మోస్టాట్ ఒకటి విడిగా వేశాను. దానికి ఆర్డుయినోతో సంబంధమే లేదు. ఈ కంట్రోలర్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

కరెంటు పోతే ఆర్డుయినో కూడా ఆగిపోతుంది, మరి అలారం ఎవరు మోగిస్తారు? అడాప్టర్‌తో ఒక చిన్న రిలేని ఎప్పుడూ పట్టి ఉంచాను. కరెంటు పోగానే అది వదిలేస్తుంది, 9 వోల్టుల బ్యాటరీ మీద రెండో బజర్ మోగుతుంది.

ట్రే రెండు గంటలకోసారి తిరుగుతుంది. మోటరుకి కరెంటు ఇచ్చినంత మాత్రాన ట్రే తిరిగినట్టు కాదు కాబట్టి చివర లిమిట్ స్విచ్ పెట్టాను. నిమిషంలోపు అది నొక్కుకోకపోతే అలారం. 18వ రోజు తిప్పడం ఆపేసి, తేమను 50 శాతం నుంచి 65 దాకా పెంచుతాను.

ఒక లోటు మాత్రం ఉంది. ఫ్యాన్ ఆగితే ఇది పసిగట్టలేదు. సెన్సర్ దగ్గర 37.5 ఉన్నా అవతలి మూల చల్లబడుతుంది. ఆ మూలన రెండో సెన్సర్ పెట్టి, రెండింటి తేడా ఒక డిగ్రీ దాటితే మోగేలా చేస్తున్నాను.