శ్రీశైలం పాదయాత్రను ఆపేది పాదాలు కాదు, తొడలు!

శ్రీశైలం నడిచి వెళ్లేటప్పుడు నిక్కరు వేసుకోవచ్చని కొందరు, పంచె కట్టాల్సిందేనని కొందరు గొడవపడుతున్నారు. రెండు వర్గాలూ అసలు సంగతి వదిలేశాయి. నల్లమలలో మనిషి కూలబడేది బొబ్బలెక్కి కాదండీ, తొడలు ఒరుసుకుపోయి!

మా బావమరిది సంగతి చెప్తా. ఉగాది ముందు ఎండలో వెంకటాపురం నుంచి అడవి దారి పట్టాడు. కొత్త అడ్డపంచె, లోపల పొట్టి కాటన్ డ్రాయరు. నాగలూటి దాకా హుషారే. పెచ్చెరువు చేరేసరికి కాళ్లు ఎడంగా పెట్టి బాతులా నడుస్తున్నాడు. అరికాలు చూస్తే ఒక్క బొబ్బ లేదు!

ఎందుకు? కాటన్, కాటన్ అని ఊదరగొడతారే, ఆ కాటనే! పైన సరే, పల్చటి వదులు నూలుబట్ట ఎండకు దేవుడిచ్చిన వరం. లోపల మాత్రం వద్దు. చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, కుట్టు దగ్గర ముడతపడుతుంది. చెమట ఆరినచోట ఉప్పు మిగులుతుంది. తడిబట్ట, ఉప్పు, వేల అడుగులు... గరుకు కాగితంతో రుద్దినట్టే.

ఇక నా సిద్ధాంతం, నవ్వుకోండి ఫర్లేదు. మన తాతలు గోచీ పెట్టి పంచె కట్టింది ఇందుకే! అడ్డపంచెలో తొడకు తొడ తగులుతుంది. గోచీ కడితే మధ్యలో బట్ట వస్తుంది. అందుకు నాలుగు మూరలు చాలవు, ఎనిమిది మూరల పంచె కావాలి. పట్టులా మెరిసే పాలిస్టర్ రెడీమేడ్ పంచెలు, ఆ అతుకుడు పట్టీలు... వాటిని పెళ్లికి దాచుకోండి బాబూ!

గోచీ రాదా? మోకాలి పైదాకా ఒంటికి అంటుకునే, త్వరగా ఆరే సాగే నిక్కరు లోపల వేసి, పైన పంచె కట్టండి. మర్యాదకు మర్యాద, తొడకు రక్షణ. అక్కలూ, మీకూ ఇదే. చీరైతే లంగా కింద, చుడీదారైతే వదులు ప్యాంటు కింద. లంగా బొందు రోజంతా ఒకేచోట కోస్తుంది, వెడల్పు పట్టీ వేయించుకోండి. అంచు చీలమండకు నాలుగు వేళ్లు పైకి ఉండాలి, లేకపోతే దారిలో వచ్చే భీముని కొలను మెట్ల మీద కాలికి అడ్డుపడుతుంది.

పౌడరు చల్లకండి, చెమటకు ముద్దకడుతుంది. బయల్దేరేముందే కొబ్బరినూనో వ్యాజిలైనో రాయండి. ఎర్రబడకముందే చురుక్కుమంటుంది, అదే గుర్తు. అప్పుడే ఆగి, ఉప్పు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ రాయండి. ఇంకో గంట నడిచి చూద్దాం అన్నారా, చర్మం లేస్తుంది. మావాడు అన్నది అదే.

వట్టి కాళ్లతో నడిచేవాళ్లు తారురోడ్డు మీద మధ్యాహ్నం తెల్లగీత మీదే నడవండి, నల్లతారంత కాలదు. ఇంకోటి, స్పర్శ దర్శనానికి పంచె, కండువా ఎలాగూ ఉండాలి కదా, ఆ జత కవర్లో పొడిగా దాచండి. మావాడు నడిచిన పంచెతోనే క్యూలో నిలబడ్డాడు, అదీ కాళ్లు ఎడంగా పెట్టి!