నాలుగు గళ్ళ కాయితం, ఒక కాంటా

(నల్లగొండలో రైతు ఉత్పత్తిదారుల కంపెనీల డైరెక్టర్ల శిక్షణలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు చదవమని చీటీ ఇచ్చారు. పదకొండు పేర్లున్నాయి. దేవరకొండ వైపు వాళ్ళు నాలుగింటికే లేస్తామంటున్నారు కాబట్టి అందరికీ కలిపి ఒకటే దండం. ఏమీ అనుకోవద్దు.

నాకిచ్చిన అంశం స్వాట్ అనాలిసిస్. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు. నాలుగు గళ్ళు. మీలో చాలామంది పొద్దున్నే చార్టు మీద రాసి గోడకు అంటించారు, చూశాను. బాగున్నాయి. ఆ చార్టుల మీద నాకొక పాత కోపం ఉంది, అది ముందు చెప్పుకోనివ్వండి.

నేను ముప్పై ఏళ్ళు బ్యాంకులో పనిచేశాను, అందులో సగం అప్పుల టేబుల్ మీదే. ప్రతి ప్రాజెక్టు రిపోర్టులో ఈ నాలుగు గళ్ళ పేజీ ఉండాలి. లేకపోతే పైనుంచి ఫైలు తిరిగొస్తుంది. ఒకసారి గొర్రెల సంఘం రిపోర్టు వచ్చింది. బలాల గడిలో 'నైపుణ్యం గల నేత కార్మికులు' అని ఉంది. బలహీనతల్లో 'పాత మగ్గాలు'. ఏదో చేనేత సంఘం ఫైలులోంచి పేజీ ఎత్తి ఇందులో పెట్టారన్నమాట. నవ్వుతున్నారు కదా, అసలు సంగతి వినండి. ఆ ఫైలు నా టేబుల్ దాటింది, మేనేజర్ టేబుల్ దాటింది, అప్పు మంజూరైంది. రెండేళ్ళ తర్వాత ఆడిటర్ చెబితే గానీ నాకు తెలియలేదు. సంతకం నాదే. అంటే ఆ పేజీ ఎవరూ చదవరు. రాసినవాడూ చదవడు, అడిగినవాడూ చదవడు.

ఇది మన దగ్గరే అనుకోకండి. 1997లో టెర్రీ హిల్, రాయ్ వెస్ట్‌బ్రుక్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటన్‌లో 20 కంపెనీలు చేసిన స్వాట్‌లను పరిశీలించారు. పొడుగాటి జాబితాలున్నాయి. ఏది ముఖ్యమో చెప్పలేదు, నిజమో కాదో సరిచూడలేదు. తర్వాత ప్రణాళిక వేసేటప్పుడు ఆ జాబితాలను ఎవరూ వాడలేదు. పాడైన సరుకును కంపెనీ వెనక్కి తెప్పించుకున్నట్టు ఈ స్వాట్‌నూ వెనక్కి తెప్పించే వేళయిందని తమ వ్యాసానికి పేరు పెట్టారు. వాళ్ళ చేతికి మా గొర్రెల ఫైలు దొరికి ఉంటే ఇంకేం పేరు పెట్టేవాళ్ళో!

సరే, అసలు విషయానికి వస్తాను. రిటైరయ్యాక మన జిల్లాలోనే ఒక బత్తాయి రైతుల కంపెనీకి సలహాదారుగా వెళ్ళాను. మొదటి రోజు చార్టు వేయించాను, పాత అలవాటు. 37 అంశాలొచ్చాయి. ఫొటో తీసుకున్నాం. అప్పుడు వెనక కూర్చున్న ఒక డైరెక్టరమ్మ లేచి అడిగింది: "సారూ, గీ కాయిదంతోని సోమారం నాడు మేమేం జెయ్యాలె?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఒక నియమం పెట్టుకున్నాం. ప్రతి అంశం పక్కన ఒకటే పని రాయాలి. ఆ పని ఎవరు చేస్తారు, ఏ తారీఖుకు, ఎంత డబ్బుతో, ఏం కనబడితే ఆపేస్తాం, ఇవి కూడా రాయాలి. పని పుట్టకపోతే అంశాన్ని తిరగరాయాలి. అప్పటికీ పుట్టకపోతే కొట్టేయాలి.

మొదటి బలం 'నల్లగొండ బత్తాయికి పేరుంది'. నిజమే. అయితే ఏం చేద్దాం? పది నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. కొట్టేశాం. ఒక పెద్దాయనకు కోపమొచ్చింది. అవకాశాల్లో 'జ్యూస్ ఫ్యాక్టరీ పెట్టాలి' అని ఉంది. అది అవకాశం కాదు, కోరిక. దీనికొక పరీక్ష ఉంది: మన కంపెనీ లేకపోయినా ఆ సంగతి బయట ఉంటుందా? ఎండాకాలం హైదరాబాద్‌లో జ్యూస్ బండ్లకు కాయ కావాలి. మనం ఉన్నా లేకపోయినా కావాలి. అదీ అవకాశం.

బలహీనతల్లో 'మార్కెటింగ్ సరిగా లేదు' అని ఉంది. ఇలాంటి మాటతో ఏ పనీ పుట్టదు. ఎక్కడ సరిగా లేదని తవ్వితే తరుగు దగ్గర తేలింది. ఇక్కడ బత్తాయి రైతులు చేతులెత్తండి. చూశారా, తరుగు అనగానే ఎన్ని చేతులో! టన్ను ధర మాట్లాడతారు, తూకంలో 1,100 కిలోలు తీసుకుంటారు. ఆ ఏడు మావాళ్ళకు కిలో 20 రూపాయలు. అంటే టన్నుకు 2,000 తోట గట్టు మీదే పోయింది. కాబట్టి ఇలా తిరగరాశాం: 'ఒక్కొక్కరం విడిగా అమ్ముతున్నాం, మన దగ్గర కాంటా లేదు, టన్నుకు వంద కిలోలు పోతున్నాయి.' ఇప్పుడు పని దానంతటదే బయటికొచ్చింది.

హైంజ్ వైరిచ్ అనే ఆచార్యుడు 1982లో చెప్పింది ఇదే. గళ్ళను విడిగా వదిలేయకుండా లోపలిదాన్ని బయటిదానితో జత కట్టమన్నాడు. మేం ఆ బలహీనతను జ్యూస్ బండ్ల అవకాశంతో కట్టాం. పని: అద్దె కాంటాతో తోటలోనే తూచి, మూడు లోడ్లు నేరుగా హైదరాబాద్‌లో జ్యూస్ బండ్లకు కాయ వేసే వ్యాపారికి పంపడం. బాధ్యత ఆ డైరెక్టరమ్మదే. ఆగే గుర్తు: మూడో లోడు తర్వాత ఖర్చులు పోను టన్నుకు 500 కంటే తక్కువ మిగిలితే ఆపేయాలి.

మొదటి లోడులో కిరాయి, కాయ ఏరిన కూలి కలిపి టన్నుకు 1,800 అయింది. తరుగు తప్పించుకున్న 2,000లో మిగిలింది 200. నా మొహం చూసుకోలేకపోయాను. ఆమె మాత్రం కూలి లెక్క చూసింది. కాయ కోసి కుప్ప పోసి, మళ్ళీ సైజు ఏరుతున్నారు. రెండు పనులు. రెండో లోడుకు కోసేటప్పుడే పెద్దవి ఒక గంపలో, చిన్నవి ఒక గంపలో వేయించింది. బండి కూడా నిండా నాలుగు టన్నులు ఎక్కించింది. ఖర్చు 1,150కి దిగింది, 850 మిగిలింది.

మూడో లోడుకూ అంతే మిగిలింది, కానీ వ్యాపారి డబ్బు పదిహేను రోజులకు ఇచ్చాడు. రైతులు ఆగలేదు. "ఊళ్ళో సేటు అదే రోజు చేతిలో పెడతాడు" అన్నారు. వాళ్ళదీ తప్పు కాదు, ఎరువుల అప్పు ఆగదు కదా. ఆ 37 అంశాల్లో ఎక్కడా లేని బలహీనత ఇది: కంపెనీ చేతిలో రొక్కం లేదు. పని చేయబట్టి బయటపడింది. చార్టు ముందు ఇంకో వారం కూర్చున్నా తెలిసేది కాదు. వాటా డబ్బులోంచి 40,000 పక్కన పెట్టి, లోడు ఎక్కిన రోజే రైతుకు సగం ఇవ్వాలని రాసుకున్నాం.

ఈలోగా ఊళ్ళో ఒక వ్యాపారి ఫోన్ చేశాడు, మీవాళ్ళకు తరుగు 60 కిలోలే పెడతానన్నాడు. ఆ ఏడు చాలామంది అతనికే అమ్ముకున్నారు. మేం పంపిన లోడ్లు మొత్తం ఏడు. మరుసటి ఏడు కాంటా అద్దెకు తెచ్చేవాళ్ళు లేక పని నెమ్మదిస్తే తరుగు మళ్ళీ 80కి ఎక్కింది. ఇప్పుడు సొంత కాంటా కొనాలా వద్దా అని వాళ్ళలో తగాదా నడుస్తోంది. నేను కొనమనే అంటున్నాను, వాళ్ళు నా మాట వినడం లేదు.

టీ వచ్చిందంటున్నారు. రెండు నిమిషాలు ఆగండి. గోడ మీద మూడో చార్టు ఎవరిది? మిర్యాలగూడ వాళ్ళదా? అక్కా, ఆ రెండో గడిలో 'సభ్యుల్లో ఐక్యత లేదు' అని ఉంది. కిందటి నెల ఐక్యత లేక ఏ రోజున, ఏ పని ఆగిపోయిందో చెప్పండి. మైకు అక్కకివ్వండి బాబూ.