ఇంటికెంత, తనకెంత

శ్రోతలకు నమస్కారం. ఉద్యోగంలో కొత్తగా చేరిన యువతీయువకులు ఇంటికి నెలనెలా ఎంత ఇవ్వాలన్న ప్రశ్నకు జీతంలో సగమనో, మూడో వంతనో ఎవరో ఒకరు చెప్పిన లెక్క వినిపిస్తూ ఉంటుంది. ఈ వంతుల లెక్కలో నాకు పెద్ద నమ్మకం లేదు. ఇంటికి ఎంత తక్కువ పడుతున్నదో చూడకుండా జీతాన్ని మాత్రమే చూసి కట్టిన వాటా ఒక ఇంటికి చాలదు, మరొక ఇంటికి మిగిలిపోతుంది. ఎక్కడైనా పనికివచ్చే విధంగా మనం డబ్బును ఏ దేశపు నాణెంలోనూ కాకుండా పాళ్లలో లెక్కిద్దాం. కోతలన్నీ పోగా చేతికి వచ్చే నెల జీతాన్ని 100 పాళ్లనుకుందాం. నియామక పత్రంలో రాసిన జీతంతో ఇక్కడ పని లేదు.

ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. అద్దె, తిండి, ప్రయాణం, చదువు కోసం చేసిన అప్పు వాయిదా కలిసి అతని తప్పనిసరి ఖర్చులు 48 పాళ్లు, అంటే మిగిలేది 52. అందులోంచి ఇంటికి 35 పాళ్లు పంపుతాడు, 10 పొదుపు ఖాతాలో వేస్తాడు, 7 తన సరదాలకు ఉంచుకుంటాడు. చూడడానికి ఇది పొందికైన ఏర్పాటే. అయినా ఏడాది చివర పొదుపు ఖాతా తెరిచి చూస్తే అందులో ఏమీ ఉండదు. ఇంటివాళ్లు దుబారా చేశారని అతను, కొడుకు మనసు మారిందని ఇంటివాళ్లు అనుకోవడం సరిగ్గా ఇక్కడే మొదలవుతుంది. నిజానికి ఇద్దరి అనుమానమూ తప్పే.

పొదుపు ఖాతా ఏడాది చిట్టాను వరుసగా చదివితే కారణం దానంతట అదే బయటపడుతుంది. చెల్లెలి ఫీజుకు రెండు దఫాలుగా 30 పాళ్ల చొప్పున వెళ్లాయి. ఆసుపత్రి ఖర్చుకు, ఇంటి మరమ్మతుకు, బంధువుల ఇంట ఒక శుభకార్యానికి కలిపి మరో 60 వెళ్లాయి. మొత్తం 120 పాళ్లు. అతను ఏడాదిలో దాచింది నెలకు 10 చొప్పున సరిగ్గా ఆ 120 పాళ్లే. అంటే అతను ఇంటికి ఇస్తున్నది నెలకు 35 కాదు, 45. పొదుపును కరిగించింది నెలనెలా పంపే మొత్తం కాదు, మధ్యమధ్యలో వచ్చే పెద్ద ఖర్చులు. అవి ఎప్పుడు వస్తాయో తెలియకపోవచ్చు గానీ, ఏడాదికి ఎంత అవుతాయో గడిచిన ఏడాది చిట్టా చాలావరకు చెప్పేస్తుంది. ఫీజైతే ఏ నెలలో కట్టాలో కూడా ముందే తెలుసు. దాన్ని అనుకోని ఖర్చు అనడం మన అలవాటే తప్ప నిజం కాదు.

ఆ తరువాత చూడవలసింది ఇంటి లెక్క. దీనికి తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడక తప్పదు. "నాన్నగారూ, నేను పంపేది ఎక్కడికి పోతున్నదని అడగడం లేదు. నెలకు మనకు ఎంత తక్కువ పడుతున్నదో ఇద్దరం కలిసి చూద్దాం" అని మొదలుపెడితే ఆ మాట తనిఖీలాగా వినిపించదు. మన ఉదాహరణలో ఇంటి ఖర్చు 64 పాళ్లు, తండ్రి ఆదాయం 39. కాబట్టి నెలకు తగ్గేది 25. మరి 35 ఎందుకు అడిగారు? మీద పడే పెద్ద ఖర్చులకు చేతిలో కొంత ఉండాలని. ఆ ఆలోచనలో తప్పు లేదు, కానీ ఇంటి ఖర్చుల డబ్బుతో కలిసిపోయిన ఆ 10 పాళ్లు నెల తిరిగేసరికి నిలవవు. ఫీజు సమయానికి మళ్లీ కొడుకునే అడగవలసి వస్తుంది.

అందుచేత మొత్తం మార్చకుండా దాన్ని రెండుగా విడదీయడం మంచిది. 25 పాళ్లు నెల మొదట్లో ఇంటికి వెళ్తాయి. మిగిలిన 10 ఇంటి పేరనే, కానీ వేరే ఖాతాలో, నిలవ ఉంటాయి. ఫీజుకు నెలకు 5, తక్కిన పెద్ద ఖర్చులకు 5 అని ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి, ఆ ఖాతాలో ఎంత ఉన్నదో తల్లిదండ్రులకు కూడా కనిపించాలి. అప్పుడు శుభకార్యానికి ఎంత పెట్టగలమన్న ప్రశ్నకు జవాబు కొడుకు ముఖంలో వెతుక్కోనక్కరలేదు, ఖాతాలోనే ఉంటుంది. అతని సొంత పొదుపు 10 పాళ్లు జీతం పడిన రోజునే పక్కకు వెళ్లిపోవాలి. నెలాఖరున మిగిలింది దాచుకుందామనుకున్నవారికి సాధారణంగా ఏదీ మిగలదు.

ఇక సొంత పొదుపు ఎంత పెరిగేదాకా దాన్ని కదపకూడదు? మూడు నెలల ఖర్చు చేతిలో ఉండాలని తరచు వింటాం. మన యువకుడు తన 48 పాళ్లను మూడుతో హెచ్చవేసి 144 చాలుననుకుంటాడు. ఉద్యోగం పోయిన నెలలో ఇంటికి పంపే 25 కూడా ఆగిపోతుందన్న సంగతి ఆ లెక్కలో లేదు. రెండు చోట్లా గడవాలంటే నెలకు 73 పాళ్లు కావాలి. అలా చూస్తే 144 పాళ్లు రెండు నెలలకే అయిపోతాయి. మూడు నెలలకు 219 ఉండాలి. నెలకు 10 చొప్పున అంత చేరడానికి ఇరవై రెండు నెలలు పడుతుంది. తన మీద ఆధారపడినవారు ఉన్న మనిషికి పొదుపు స్వార్థం కాదని వాదించడానికి ఇంతకంటె పెద్ద మాటలు అక్కరలేదు, ఈ కూడిక చాలు.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ వరుస మారాలి. ఇంటి ఖర్చు 64 పాళ్లలో 11 పాత అప్పు వాయిదా అనుకుందాం. ఇంకా తీర్చవలసిన అసలు 120 పాళ్లు, వడ్డీ నెలకు నూటికి రెండు. వాయిదా ఒక్కటే కడుతూ పోతే అది తీరడానికి ఏడాది దాటుతుంది. పొదుపు ఖాతాలో దాచే డబ్బు మీద అంత వడ్డీ ఎవరూ ఇవ్వరు. కాబట్టి ఒక నెల ఖర్చుకు సరిపడా మాత్రం చేతిలో ఉంచుకుని, ఆపైన దాచే 10 పాళ్లనూ అసలుకే జమ చేస్తే అప్పు ఆరేడు నెలల్లో తీరిపోతుంది. ఇంటికి తగ్గేది అప్పుడు 25 నుంచి 14కు దిగుతుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. అదనంగా కట్టింది అసలులో తగ్గిందని అప్పిచ్చినవారి దగ్గర రాతపూర్వకంగా చూసుకోవాలి. ఈ అదనపు సాయం ఏ నెలతో ముగుస్తుందో ఇంట్లో మొదటే చెప్పాలి, లేకపోతే అది అలవాటుగా స్థిరపడుతుంది. ఇంటి అవసరానికి తన పేరు మీద కొత్తగా చేసే అప్పు వాయిదాను కూడా ఇంటికి ఇచ్చే లెక్కలోనే రాయాలి. అది తన తప్పనిసరి ఖర్చులలో కలిసిపోతే ఇస్తున్నదెంతో అతనికీ, వారికీ తెలియకుండా పోతుంది.

ఇంటికి తగ్గేది 25 కాక 45 అయితే ఈ పద్ధతి ఏదీ నిలవదు. 52లో 45 ఇచ్చి 7తో పొదుపూ, సరదాలూ, ఫీజూ నడపడం కుదరదు. పెద్ద ఖర్చుకు చేబదులు తీసుకోవడం, ఆ బదులు తీర్చడానికి మరొకటి తీసుకోవడం మొదలైతే ఇచ్చే మొత్తం శక్తికి మించిందని అర్థం. అప్పుడు మాట్లాడవలసింది కొడుకు వాటా గురించి కాదు, ఇంటి ఖర్చులో ఏది తగ్గుతుంది, సంపాదించగలిగిన మరొకరు ఎవరున్నారు అన్న దాని గురించి.

ఈ అంకెలను ఏడాదికొకసారి, జీతం పెరిగిన నెలలో తిరగరాయడం సౌకర్యం. పెరిగినదాంట్లో ఇంటికెంత, తనకెంత అన్నది ఆ డబ్బు చేతికి రాకముందే తేల్చుకుంటే వాదనలు తక్కువగా ఉంటాయి. చెల్లెలి చదువు పూర్తయిన నెలలో ఫీజుకు పోయే 5 పాళ్లు ఖాళీ అవుతాయి. 219 ఇంకా పూర్తి కాకపోతే అవి ముందుగా దానికే చేరాలని నా అభిప్రాయం.