చివర్లో వచ్చే లోగో కార్డు తీయడానికి మాడ్ యాప్ ఎందుకయ్యా?

"అన్నా, ఫ్రీ యాప్‌లో ఎడిట్ చేసి ఎక్స్‌పోర్ట్ కొడితే చివర్లో వాళ్ళ లోగో కార్డు వస్తా ఉంది. మాడ్ ఏపీకే వేసుకుంటే పోతాదంట కదా. లింక్ ఉంటే పెట్టన్నా."

పెట్టను. మాడ్ అంటే ఎవడో అసలు యాప్‌ని విప్పి మార్చిన దొంగ కాపీ, ఈ ఛానల్లో ఆ లింక్ ఎప్పటికీ రాదు. కారణం ఒక్కటే: ఆ కార్డు మీ వీడియో మీద లేదు, మీ వీడియో తర్వాత ఉంది. మీద ఉండడం వేరే, తర్వాత ఉండడం వేరే. ఈ తేడా తెలీకనే మన పిల్లకాయలు ఫోన్లు పాడుచేసుకుంటా ఉన్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

తిరుపతి స్టేషన్లో రైలు ఆగి ఉంటే చూస్తారు కదా. మీరు పెట్టిన క్లిప్పులన్నీ వరసగా పెట్టెలు. ఆఖరున తగిలించిన ఒక్క పెట్టె యాప్ వాళ్ళది. దాని కొక్కెం విప్పితే రైలుకి ఏమీ కాదు. అదే లోగో మూలన వీడియో పొడుగునా ఉందనుకోండి, అది ప్రతి పెట్టె గోడ మీదా వేసిన పెయింటు. దాన్ని గోకితే గోడ పోతుంది. ఆ సంగతి తర్వాత మాట్లాడతా, అది వేరే లెక్క.

ఇప్పుడు టైమ్‌లైన్ తెరవండి. వేలితో ఎడమకి లాగుతూ చిట్టచివరికి పోండి. మీ ఆఖరి క్లిప్ అయిపోయాక నల్లగానో తెల్లగానో రెండు మూడు సెకన్ల ముక్క ఒకటి కనిపిస్తుంది, దానిమీద యాప్ పేరు ఉంటుంది. దాన్ని ఒకసారి తట్టండి. మామూలు క్లిప్ లాగే చుట్టూ గీత వచ్చి, కింద డిలీట్ బొమ్మ వెలిగిందా? కొట్టేయండి. అంతే. డిలీట్ బటన్ పెట్టింది ఆ యాప్ చేసినవాళ్ళే. వాళ్ళే తీసుకోమని చేతికిచ్చినదాన్ని తీయడానికి దొంగ యాప్ ఎందుకు? కొన్ని యాప్‌లలో సెట్టింగ్స్‌లోనే ఎండింగ్ తగిలించాలా వద్దా అని ఒక స్విచ్ కూడా ఉంటుంది. దాన్ని ఒకసారి ఆపేస్తే తర్వాత మొదలుపెట్టే ప్రాజెక్టుల్లో కార్డే రాదు.

ఇక్కడే ఒక చిక్కు వస్తుంది. దామలచెరువు మామిడి మండీలో నేను తీసిన వీడియో చెప్తా. బొమ్మ 40 సెకన్లు, కార్డు 2 సెకన్లు. పాట పెట్టినప్పుడు అది మొత్తం 42 సెకన్లకీ సాగి కూర్చుంది. కార్డు కొట్టేసి ఎక్స్‌పోర్ట్ చేశా. చూస్తే చివర రెండు సెకన్లు నల్ల తెర, వెనక పాట మాత్రం నడుస్తా ఉంది! లోగో పోయింది, దాని స్థానంలో చీకటి వచ్చింది. ఎందుకంటే ఆ యాప్‌లో వీడియో ఎక్కడిదాకా అనేది బొమ్మ ఒక్కటే తేల్చదు. అన్నిటికంటే పొడుగ్గా ఉన్న ట్రాక్ తేలుస్తుంది. బొమ్మ 40 దగ్గర ఆగినా పాట 42 దాకా ఉంది కాబట్టి వీడియో 42 అయింది.

మరి ఏం చేయాలి? నిలువు గీతను తెచ్చి బొమ్మ ఆఖరి అంచు మీద పెట్టండి. పాట ట్రాక్‌ని తట్టి స్ప్లిట్ కొట్టండి. కుడివైపు మిగిలిన ముక్కను తీసేయండి. ఎడమవైపు పాటకి చివర ఒక సెకను ఫేడ్ ఔట్ ఇవ్వండి, లేకపోతే కత్తితో నరికినట్టు టక్కున ఆగుతుంది. పైన చూపించే మొత్తం సమయం 40 అని వచ్చిందా? అయితే సరి. ఇంకా 42 చూపిస్తే ఎక్కడో ఒక టెక్స్ట్ లేయరో స్టిక్కరో చివరిదాకా సాగి ఉందని అర్థం. వెతికి దాన్నీ వెనక్కి లాగండి.

సరే, ఇప్పుడు మాడ్ ఏపీకే దగ్గరికి వద్దాం. మా అక్క కొడుకు తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వీడియో తీశాడు. బైరాగి వేషం దగ్గర మొదలుపెట్టి వేషాలన్నీ తీశాడు, ఎంత బాగా తీశాడో! ఆఖరి షాట్‌లో మాతంగి వేషం వేసుకున్నాయన చీర కొంగు సర్దుకుంటూ తల తిప్పి నేరుగా కెమెరాలోకి చూస్తాడు. కాటుక కళ్ళు. ఆ చూపు మీద వీడియో ఆగాలి. ఆగితే రీల్ మళ్ళీ మొదటికి తిరిగి డప్పు దెబ్బ మీద పడుతుంది, చూసేవాడు రెండోసారి చూస్తాడు. రీల్ బతికేది ఆ మలుపులోనే అని నా గట్టి నమ్మకం, ఎవరెన్ని చెప్పినా నేను మారను. అలాంటి చోట ఏముంది? మూడు సెకన్ల యాప్ కార్డు. ఆ చూపు తెగిపోయింది.

వాడు ఏం చేశాడు? ఎవరో పంపిన మాడ్ ఏపీకే దించుకున్నాడు. ఇన్‌స్టాల్ కొడితే ఫోన్ ఒప్పుకోలేదు. తెర మీద ఇలా వచ్చింది: `App not installed as package conflicts with an existing package`. దానర్థం వాడికి తెలీదు. మీరు తెలుసుకోండి. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కీ దాన్ని చేసినవాళ్ళ డిజిటల్ సంతకం ఉంటుంది. ఎవడో అసలు యాప్‌ని విప్పి, డబ్బులు కట్టావా లేదా అని చూసే చోటు మార్చి, మళ్ళీ మూట కడితే ఆ సంతకం చెల్లదు. వాడు తన సొంత సంతకం పెట్టాలి. పేరు అదే, బొమ్మ అదే, సంతకం వేరే. అందుకే ఫోన్ ఆపింది. అది మన ఫోన్ ఇస్తున్న సాక్ష్యం: ఇది ఆ కంపెనీ చేతి నుంచి రాలేదు అని.

మావాడు అసలు యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేశాడు. చేయగానే ఏం పోయాయి? డ్రాఫ్టులు! ప్రాజెక్టులు ఆ యాప్ తన సొంత స్టోరేజ్‌లో దాచుకుంటుంది. యాప్ పోతే అవీ పోతాయి. క్లిప్పులు గ్యాలరీలో ఉన్నాయి, కానీ నాలుగు రాత్రులు కూర్చుని కట్ చేసిన జాతర ప్రాజెక్ట్, ఇంకో పెళ్ళి ప్రాజెక్ట్, రెండూ గాలికి పోయాయి. అంతా అయ్యాక ఆ మాడ్ తెరిస్తే మొదటి ప్రశ్నే ఎస్సెమ్మెస్‌లు చదవడానికి పర్మిషన్ కావాలని. వీడియో కత్తిరించే యాప్‌కి మన ఓటీపీలతో పనేంటండీ? అక్కడ వాడు ఆగాడు, ఫోన్ నా దగ్గరికి తెచ్చాడు. దాన్ని వెంటనే తీసేయించా. ఒక్క తట్టుతో పోయే కార్డు కోసం ఇంత జరిగింది.

మిగిలింది గ్యాలరీలో ఉన్న ఎక్స్‌పోర్ట్ ఒక్కటే. 55 సెకన్లు: 52 వీడియో, 3 కార్డు. ఇక్కడ కూడా అదే మాట: కార్డు తర్వాత ఉంది. కాబట్టి తోక కోస్తే చాలు. ఫోన్ గ్యాలరీలోనే ఎడిట్ తెరిచి కుడి హ్యాండిల్‌ని వెనక్కి లాగి, కాపీగా సేవ్ చేసుకోవచ్చు. అయితే సరిగ్గా అంచు మీద ఆపకండి, కొంచెం ముందే ఆపండి. ఒక్క ఫ్రేమ్ మిగిలినా లోగో మెరుపులా తళుక్కుమంటుంది. వీడియో లూప్‌లో పెట్టి చూస్తే ఆ మెరుపు వెంటనే దొరికిపోతుంది.

గ్యాలరీలు కొన్ని సేవ్ చేసేటప్పుడు వీడియోని మళ్ళీ కుదిస్తాయి, డప్పుల మీద ఎగిరే కుంకుమ మసక బారుతుంది. అందుకని నేను కంప్యూటర్లో ffmpeg అనే వీడియో ప్రోగ్రామ్‌తో చేశా, ఒక్క లైన్ కమాండ్:

```
ffmpeg -i jatara.mp4 -t 51.8 -c copy jatara_final.mp4
```

మొదటి 51.8 సెకన్లు మాత్రం ఉంచు, లోపలి బొమ్మను ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు కాపీ చెయ్ అని దీని అర్థం. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది, నాణ్యత వెంట్రుకంత కూడా తగ్గదు. కోత రెండు మూడు ఫ్రేములు అటూ ఇటూ పడొచ్చు, అందుకే 52 అనకుండా 51.8 పెట్టా. ఇదే పద్ధతి వీడియో మొదట్లో కోయడానికి ఇంత సుళువుగా పనిచేయదు. కుదించిన వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ, మధ్యలో మార్పులు మాత్రమే రాసి ఉంటాయి. మొదలు పూర్తి బొమ్మతోనే కావాలి, ముగింపు ఎక్కడైనా కావచ్చు. కార్డు తోకన ఉండడం మన అదృష్టం అనుకోండి.

ఇప్పుడు కొందరు అడుగుతారు: అన్నా, మా యాప్‌లో ఆ కార్డుకి తాళం వేసి ఉంది, డిలీట్ కొడితే డబ్బులు కట్టమంటోంది, అక్కడ కూడా ఎక్స్‌పోర్ట్ చేశాక తోక కోయొచ్చా? నేను కోయను. మావాడి యాప్‌లో డిలీట్ బటన్ ఉంది కాబట్టే వాడి తోక కోశా. తాళం వేశారంటే ఫ్రీగా ఇచ్చినదానికి వాళ్ళు అడిగే వెల అదే. ఇష్టం లేకపోతే ఆ యాప్‌నే వదిలేయాలి. మూలన వీడియో పొడుగునా ఉండే లోగోకీ ఇదే లెక్క. దాన్ని బ్లర్ చేస్తే బొమ్మ మీద మరక కనిపిస్తుంది, క్రాప్ చేస్తే 1920 ఎత్తులో పదోవంతు తీసినా 192 పిక్సెళ్ళు పోతాయి, గంగమ్మ గుడి గోపురం తల ఎగిరిపోతుంది. కొన్ని యాప్‌లు ఒక యాడ్ చూస్తే ఆ ఎక్స్‌పోర్ట్‌కి లోగో తీస్తాయి, హాయిగా చూడండి. లేదా కంప్యూటర్ ఉంటే షాట్‌కట్, కేడెన్‌లైవ్ అనే వీడియో ఎడిటర్లు దించుకోండి. పూర్తిగా ఉచితం, లోగో అనే మాటే లేదు.

డబ్బులు కట్టడమే నయమనుకుంటే అదీ మంచిదే. ఫ్రీ ట్రయల్ తీసుకున్నవాళ్ళు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి: యాప్ తీసేస్తే చందా ఆగదు. ప్లే స్టోర్‌లో పైన మీ ఫొటో తట్టి, `Payments & subscriptions` లోకి, అక్కడ `Subscriptions` లోకి పోయి రద్దు చేయాలి. మా వీధిలో ఒకావిడ యాప్ తీసేసి నిశ్చింతగా ఉంది, మూడు నెలలు డబ్బులు కట్ అయ్యాయి.

ఇంకొకటి. వేరేవాళ్ళ వీడియో దించుకుంటే చివర కార్డులో తీసినవాళ్ళ ఐడీ వస్తుంది చూశారా, దాన్ని కోయమని నన్ను అడగొద్దు. అది ప్రకటన కాదు, మనిషి పేరు.

మావాడి వీడియో ఇప్పుడు మాతంగి చూపు మీదే ఆగుతోంది. పెళ్ళి ప్రాజెక్ట్ మాత్రం మొదటినుంచి కడుతున్నాడు, ఈసారి సెట్టింగ్స్‌లో ఆ స్విచ్ ఆపేసి. మీ యాప్‌లో స్విచ్ ఉందా, తాళం ఉందా, టైమ్‌లైన్ చివర స్క్రీన్‌షాట్ తీసి పంపండి. వచ్చే వీడియోలో ఒక్కొక్కటీ తెరిచి చూపిస్తా.