చేతిలో పీసీ ఉంది, ఉద్యోగంలో చేరడానికి అది చాలదా?

వ్యాఖ్యాత: నమస్కారం. నాలుగేళ్లు చదివి బయటికొచ్చిన పిల్లల ఫైల్‌లో మూడు రకాల కాగితాలుంటాయి. సెమిస్టర్ మెమోలు, ప్రొవిజినల్ సర్టిఫికెట్, అంటే అందరూ పీసీ అనేది, ఆ తర్వాత ఎప్పుడో వచ్చే ఒరిజినల్ డిగ్రీ, ఓడీ. ఒక కంపెనీ నాలుగో ఏడాది రెండో సెమిస్టర్ మెమో, అంటే 4-2 మెమో చూసి చేర్చుకుంటుంది, ఇంకో కంపెనీ ఓడీ తెస్తేనే రమ్మంటుంది. ఎవరిది సరైన పద్ధతి అన్నదే ఇవాళ్టి చర్చ. విశ్వవిద్యాలయ పరీక్షల విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైన అధికారి ఒకరు, ఐటీ కంపెనీల్లో హెచ్‌ఆర్ బాధ్యతలు చూసే మేడమ్ ఒకరు మనతో ఉన్నారు. సార్, ముందు మీరు చెప్పండి, ఈ మూడింటికీ అసలు తేడా ఏంటి?

మాజీ అధికారి: మెమో అంటే ఒక పరీక్షకు సంబంధించిన లెక్క అండి. ఫలానా సెమిస్టర్‌లో ఈ సబ్జెక్టులు రాశాడు, ఈ గ్రేడ్లు, ఇన్ని క్రెడిట్లు వచ్చాయి, అంతవరకే. కోర్సు మొత్తం పూర్తయిందని అది ఎక్కడా చెప్పదు. పీసీ అలా కాదు. మా సెక్షన్‌లో మొదటి సెమిస్టర్ నుంచి చివరిదాకా అన్నీ సరిచూసి, బకాయి సబ్జెక్టు ఒక్కటి కూడా లేదని తేలాకే అది తయారవుతుంది. ఫలానా డిగ్రీకి అర్హుడయ్యాడు, ఏ నెల ఏ సంవత్సరంలో పాసయ్యాడు, ఏ క్లాసు వచ్చింది, ఈ మూడూ అందులో ఉంటాయి. ఇక ఓడీ అంటే విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో లాంఛనంగా ప్రదానం చేసే పట్టా. చదువు విషయంలో పీసీలో లేని కొత్త సంగతేదీ ఓడీలో ఉండదు.

వ్యాఖ్యాత: మరి పీసీతో పాటు ఇచ్చే సీఎంఎం సంగతేంటి?

మాజీ అధికారి: కన్సాలిడేటెడ్ మెమో. ఎనిమిది సెమిస్టర్లూ ఒకే కాగితం మీద ఉంటాయి. పీసీ, సీఎంఎం పక్కపక్కన పెట్టుకుంటే ఆ అభ్యర్థి చదువు గురించి తెలుసుకోవాల్సిందంతా తెలిసిపోతుంది. నేనైతే ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఈ రెండూ చూస్తే చాలంటాను.

హెచ్‌ఆర్ మేడమ్: చాలు, నేనూ ఒప్పుకుంటాను. కానీ మా వాళ్లలో కొందరు ఓడీ అడగడానికి కారణం ఉంది సార్. ప్రొవిజినల్ అన్న మాట చూడగానే ఇది తాత్కాలికం, రేపు రద్దయిపోవచ్చు అనుకుంటారు. కొన్ని విశ్వవిద్యాలయాల పీసీల మీద ఇంతకాలమే చెల్లుతుందని గడువు కూడా వేసి ఉంటుంది కదా.

మాజీ అధికారి: గడువు ఆ కాగితానికే మేడమ్, పాసైన విషయానికి కాదు. ఓడీ వచ్చేదాకా దాని బదులు ఇది వాడుకోమని, ఆలోగా ఓడీ తీసుకోమని దాని అర్థం. గడువు దాటిన పీసీ తెస్తే ఓడీకి అప్లై చేశావా అని అడగండి, రసీదు చూడండి. అంతేగానీ వాడికి డిగ్రీయే లేదని వెనక్కి పంపిస్తే ఎలా? పైగా మన దగ్గర చాలా విశ్వవిద్యాలయాల్లో ఓడీ దానంతటది ఇంటికి రాదు, వేరే ఫీజు కట్టి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. అర్హత వచ్చిన 180 రోజుల్లోపు డిగ్రీ ప్రదానం చేయాలని యూజీసీ 2008 నిబంధనల్లోనే ఉంది. అది ఆలస్యమైతే తప్పు విశ్వవిద్యాలయానిది, దాని శిక్ష పిల్లవాడికి పడకూడదు.

వ్యాఖ్యాత: అయితే మెమోతో చేర్చుకోవడంలో తప్పేముంది? ఆలస్యం కాకుండా ఉద్యోగం వస్తోంది కదా.

హెచ్‌ఆర్ మేడమ్: అసలు ప్రమాదం అక్కడే ఉందండి. 4-2 మెమోలో అన్నీ పాస్ అని ఉంటుంది, అది చూసి డిగ్రీ అయిపోయిందనుకుంటాం. కానీ 2-2లోనో 3-1లోనో ఒక సబ్జెక్టు ఉండిపోయి ఉండొచ్చు. చివరి సెమిస్టర్ మెమో దాని గురించి ఒక్క మాట కూడా చెప్పదు.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి ఒకమ్మాయి లైన్‌లో ఉన్నారు, ఆవిడ సమస్య కూడా దాదాపు ఇదే. చెప్పమ్మా.

కాలర్: నమస్తే సార్, నమస్తే మేడమ్. నేను 2018లో బీటెక్‌లో చేరిన. 2022 మేలో 4-2 రాసిన, అన్నీ పాసైన. కానీ 3-1ది ఒక సబ్జెక్టు, 4 క్రెడిట్లది, ఉండిపోయింది. ఆగస్టులో కంపెనీలో చేరేటప్పుడు 4-2 మెమో అడిగిన్రు, ఇచ్చిన. ఫారంలో డిగ్రీ పూర్తయిన నెల అని ఉంటే మే 2022 అని రాసిన. ఆ సబ్జెక్టు డిసెంబర్ సప్లిమెంటరీలో పాసైన, తర్వాత పీసీ, సీఎంఎం తెచ్చిచ్చిన. ఏడాది తర్వాత బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయించిన్రు, వివరాలు సరిపోలడం లేదని రిపోర్టు వచ్చిందట. నేను దొంగ సర్టిఫికెట్ పెట్టినట్టు మాట్లాడుతున్నరు మేడమ్, రాత్రిళ్లు నిద్ర పడతలేదు, ఫుల్ టెన్షన్.

హెచ్‌ఆర్ మేడమ్: నువ్వు దొంగ సర్టిఫికెట్ పెట్టలేదు, ముందు ఆ భయం తీసెయ్యమ్మా. పీసీ మీద పాసైన నెల ఏముంది?

కాలర్: డిసెంబర్ 2022.

హెచ్‌ఆర్ మేడమ్: అదీ సంగతి. చివరి సెమిస్టర్ ఎప్పుడు రాశావన్నది కాదు, చివరి సబ్జెక్టు ఎప్పుడు పాసయ్యావన్నదే పీసీలో వేస్తారు. వెరిఫికేషన్ చేసేవాళ్లు నీ ఫారంలోని మే 2022ని విశ్వవిద్యాలయం చెప్పిన డిసెంబర్ 2022తో పోల్చారు, రెండూ కలవలేదు, రిపోర్టులో అదే రాశారు. సర్టిఫికెట్ నకిలీదని అని ఉండరు. నువ్వు రిపోర్టు కాపీ అడిగి, ఆ వాక్యం సరిగ్గా ఏముందో చదువు. తర్వాత జరిగింది జరిగినట్టు ఒక పేజీలో రాయి, సప్లిమెంటరీ మెమో, సీఎంఎం, పీసీ జత చెయ్యి. ఫారంలో నెల తప్పుగా రాసింది నువ్వే, అది ఒప్పుకో, దాచకు. కానీ చేరే రోజున నీకింకా డిగ్రీ అర్హత రాలేదన్న సంగతి వాళ్లు చూసుకోలేదు, అందులో తప్పు వాళ్లదీ ఉంది.

మాజీ అధికారి: చూసుకోవడం పెద్ద పని కూడా కాదు. 2018లో జేఎన్‌టీయూహెచ్ బీటెక్‌లో చేరినవాళ్లకు డిగ్రీ రావాలంటే 160 క్రెడిట్లు కావాలి. పీసీ ఇంకా రాకపోతే ఎనిమిది మెమోలూ తీసుకుని క్రెడిట్లు కూడాలి. ఈ అమ్మాయివి ఆగస్టులో కూడి ఉంటే 156 దగ్గర ఆగేవి. ఐదు నిమిషాల్లో తెలిసిపోయేది. అప్పుడు పీసీ తెచ్చాక చేరమనో, షరతు మీద చేరమనో ముందే చెప్పేవాళ్లు. ఇంకో సంగతి, రీవాల్యుయేషన్‌లో గ్రేడు మారితే పాత మెమో ప్రింటు అలాగే చేతిలో ఉండిపోతుంది. రెండు మెమోలకు తేడా కనబడితే సీఎంఎంలో ఉన్నదే లెక్కలోకి తీసుకోవాలి.

వ్యాఖ్యాత: ప్రభుత్వ ఉద్యోగాలకూ ఇదే పద్ధతా?

మాజీ అధికారి: అక్కడ తేదీ దగ్గర చాలా గట్టిగా ఉంటారు. నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీ నాటికి అర్హత ఉండాలి. పరీక్ష ముందే రాశాను, ఫలితం తర్వాత వచ్చింది అంటే కుదరదు, 2013లో సుప్రీంకోర్టు ఒక ఉపాధ్యాయ నియామకం కేసులో ఇదే చెప్పింది. అలాగని ఓడీ చేతికొచ్చిన రోజు నుంచే అర్హత అనుకోవద్దు, ఫలితం ప్రకటించిన రోజు ముఖ్యం. సర్టిఫికెట్ దానికి సాక్ష్యం మాత్రమే.

హెచ్‌ఆర్ మేడమ్: అమెరికాలో ఉన్న మనవాళ్లకూ దీనితో పనిపడింది. గ్రీన్‌కార్డుకు ఈబీ-2 అనే కేటగిరీలో డిగ్రీ తర్వాత ఐదేళ్ల అనుభవం చూపేటప్పుడు ఆ ఐదేళ్లు ఎక్కణ్నుంచి లెక్కించాలన్న ప్రశ్న వచ్చింది. ఓడీ రెండేళ్లు ఆలస్యంగా తీసుకున్నవాళ్లకు రెండేళ్ల అనుభవం పోయినట్టే కదా. 2017లో అక్కడి ఇమిగ్రేషన్ అప్పీళ్ల కార్యాలయం ఒక కేసులో, అభ్యర్థి డిగ్రీకి కావాల్సినవన్నీ పూర్తి చేసి విశ్వవిద్యాలయం డిగ్రీని ఆమోదించి ఉంటే పీసీ తేదీ నుంచి లెక్కించవచ్చని తేల్చింది. అంత పట్టింపుగా ఉండేవాళ్లే పీసీని ఆ విధంగా చూస్తున్నప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఓడీ లేదని ఆఫర్ ఆపేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

వ్యాఖ్యాత: అంటే ఓడీ తీసుకోకపోయినా పర్లేదంటారా?

హెచ్‌ఆర్ మేడమ్: లేదండీ, తప్పకుండా తీసుకోవాలి. గల్ఫ్‌కు వెళ్లేవాళ్లను అడగండి, సర్టిఫికెట్ల అటెస్టేషన్ దగ్గర ఓడీయే పెట్టమంటారు. వీసా చేతికొచ్చే సమయంలో ఓడీకి అప్లై చేసి తిరగడం చాలామందికి అనుభవమే. నేను చెప్పేదల్లా చేరే రోజున అది అడగొద్దని. పీసీ, సీఎంఎం చూసి చేర్చుకోండి, ఓడీ ఎప్పటికి ఇస్తారో రాయించుకోండి. అసలు జాగ్రత్త కాగితం రకంలో లేదు, ఏ కాగితమైనా విశ్వవిద్యాలయంతో నేరుగా సరిచూసుకోవడంలో ఉంది. ఓడీకైనా నకిలీ చేస్తారు, మందపాటి కాగితం, బంగారు రంగు ముద్ర చూసి మోసపోయినవాళ్లు ఉన్నారు.

మాజీ అధికారి: డిజిలాకర్‌లో ఉంటే ఇంకా సులువు. కాకపోతే అభ్యర్థి స్కాన్ చేసి తనే ఎక్కించుకున్నది వేరు, విశ్వవిద్యాలయం జారీ చేయగా ఇష్యూడ్ డాక్యుమెంట్స్‌లో కనిపించేది వేరు. రెండోదే ఒరిజినల్‌తో సమానం. హెచ్‌ఆర్ వాళ్లు ఈ తేడా గమనించాలి.

కాలర్: మేడమ్, ఇంకొక్కటి. చేరినప్పుడు 4-2 మెమో ఒరిజినల్, తర్వాత పీసీ ఒరిజినల్, రెండూ వాళ్లే పెట్టుకున్నరు. వెరిఫికేషన్ అయ్యేదాకా తిరిగి ఇయ్యం అన్నరు. నేను ఓడీకి అప్లై చేయాలన్నా నా దగ్గర జిరాక్స్ ఒక్కటే ఉంది.

హెచ్‌ఆర్ మేడమ్: అది అస్సలు సరికాదమ్మా. చూడాలి, కాపీ తీసుకోవాలి, ఎదురుగానే తిరిగివ్వాలి. వెరిఫికేషన్‌కు ఒరిజినల్ అక్కర్లేదు, హాల్‌టికెట్ నంబరుతో విశ్వవిద్యాలయాన్ని అడిగితే సరిపోతుంది.

మాజీ అధికారి: పోతే మాత్రం తిప్పలు నీకే. డూప్లికేట్ కావాలంటే పోలీసుల దగ్గర పోయిందని రాయించుకోవాలి, నోటరీ అఫిడవిట్ పెట్టాలి, ఫీజు కట్టాలి. అందుకే ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకు, మెయిల్ పెట్టు. ఏ తేదీన ఎవరికి ఏ సర్టిఫికెట్, ఏ నంబరుది ఇచ్చావో రాసి, ఓడీ దరఖాస్తుకు కావాలి, ఫలానా తేదీలోపు ఇవ్వండి అని అడుగు. పీసీ మీద సీరియల్ నంబరు ఉంటుంది, జిరాక్స్‌లో కనిపిస్తుందా?

కాలర్: ఆ సార్, కుడివైపు పైన ఉంది.

మాజీ అధికారి: అది మెయిల్‌లో రాయి. ఇవాళే పంపు.