ముందు గుడ్డను చూడండి

అందరికీ నమస్కారం. మాంసం కొట్టుకి వెళ్లగానే మన చూపు మాంసం రంగు మీదే పడుతుంది. ఎర్రగా ఉంటే తాజాది, కాస్త గోధుమరంగు తిరిగితే నిన్నటిదని తేల్చేస్తాం. రంగును అంతగా నమ్మలేం. గాలి తగిలిన పైభాగం ఎర్రబడుతుంది, గాలి తగలని లోపలిది అప్పుడే కోసినా ముదురుగానే ఉంటుంది. జిగట, పులిసిన వాసన ఉంటే మాత్రం ఇంక ఆలోచించక్కర్లేదు, వదిలేయండి.

నేను ముందు చూసేది గుడ్డను. ఒకే గుడ్డతో మొద్దు తుడుస్తారు, కత్తి తుడుస్తారు, చేతులు తుడుచుకుని డబ్బులు తీసుకుంటారు. అది తడిగా, వెచ్చగా, నెత్తురు పీల్చుకుని ఉంటుంది. అన్నీ అనుకూలిస్తే కొన్ని బ్యాక్టీరియా సుమారు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతాయి. అంటే పొద్దున గుడ్డలో ఒక్కటి చేరినా, 3 గంటల్లో తొమ్మిదిసార్లు రెట్టింపై 512 అవుతుంది. ఆపైన తుడిచిన ప్రతిసారీ మొద్దుకు పూసినట్టే. బకెట్లో ముంచి తీసే కత్తిదీ ఇదే కథ. కుళాయి కింద కడుగుతున్నారా, సబ్బు వాడుతున్నారా అన్నది నిలబడిన చోటి నుంచే కనిపిస్తుంది.

కోడికీ మేకకీ ఒకే మొద్దు, ఒకే కత్తి వాడుతుంటే నేనైతే కొనను. పచ్చి కోడిమాంసం మీద సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది, అది పక్క మాంసానికి అంటుకుంటుంది.

ఇక అడగాల్సింది. “తాజాదేనా?” అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. “ఎప్పుడు కోశారు? అప్పటి నుంచి ఎక్కడ పెట్టారు?” అని అడగండి. కోసిన మాంసం ఫ్రిజ్ బయట 2 గంటలు మించి ఉండకూడదన్నది మామూలు లెక్క. 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటే. ఫ్రిజ్‌లో పెట్టామంటే లోపల 5 డిగ్రీలో, అంతకన్నా తక్కువో ఉండాలి. తలుపు సరిగా పడని ఫ్రిజ్ పేరుకే ఫ్రిజ్.

కైమా దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. ముక్కకు సూక్ష్మజీవులు ఎక్కువగా పైపైనే ఉంటాయి, బాగా కాలిస్తే చాలావరకు పోతాయి. మిషన్‌లో వేస్తే పైనున్నది లోపలికంతా కలిసిపోతుంది. పైగా మీ ముందు కొన్నవాళ్ల మాంసం కొంత మర చుట్లలో, జల్లెడ కన్నాల్లో ఇరుక్కుని ఉంటుంది. మీ కైమాలో మొదట వచ్చే పిడికెడు నిజానికి వాళ్లదే.

అందుకే “మిషన్ ఈరోజు ఎప్పుడు విప్పి కడిగారన్నా?” అని మామూలుగా అడగండి, నిలదీసినట్టు కాదు. కడిగేవాడు టైము చెబుతాడు, ఒక్కోసారి జల్లెడ ఊడదీసి చూపిస్తాడు కూడా. “రోజూ కడుగుతాం” అని మాట దాటేస్తే, ఆ పూటకి ముక్కలే తీసుకుని ఇంటికెళ్లి కత్తితో సన్నగా కొట్టుకోండి.