జేడీలో మాట, రిజిస్టర్‌లో జాడ

శ్రోతలకు నమస్కారం.

ఉద్యోగ ప్రకటనలో చదువు, అనుభవం చెప్పాక కొన్ని మాటలు వరసగా వస్తాయి. ఓనర్‌షిప్ ఉండాలి, స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్ తెలియాలి, కమ్యూనికేషన్ బాగుండాలి అని. చాలామంది ఆ మాటల్నే ఎత్తి తమ రెజ్యూమేలో స్కిల్స్ అనే శీర్షిక కింద పెట్టేస్తారు. అడిగిందే రాశాం కదా అనుకుంటారు. పక్కవాళ్లూ అదే పని చేస్తారు కాబట్టి, వడపోసేవారికి ఆ జాబితా వల్ల తెలిసేది ఏమీ ఉండదు. ఆ మాటలకు సాక్ష్యం మన పాత పనిలో ఎక్కడ దాగి ఉంటుంది, దాన్ని ఎలా వెతికి తీయాలి అన్నది ఇవాళ చూద్దాం.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఓ మధ్యస్థాయి ప్రైవేటు ఆసుపత్రి, అందులో ఇన్సూరెన్స్ డెస్క్. అక్కడ మూడేళ్లుగా ఒకమ్మాయి పనిచేస్తోంది. రోగి చేరగానే క్యాష్‌లెస్ అనుమతికి కాగితాలు పంపడం, బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ వాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబివ్వడం, డిశ్చార్జి రోజున ఫైనల్ అనుమతి తెప్పించడం ఆమె పని. ఇప్పుడు ఒక టీపీఏలోనే క్లెయిమ్స్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలనుకుంటోంది. ఆమె రెజ్యూమేలో ప్రస్తుతానికి ఉన్న వాక్యం, ‘క్యాష్‌లెస్ క్లెయిములకు రెస్పాన్సిబుల్’. అది ఆమె కూర్చున్న కుర్చీ గురించి చెబుతుంది. కుర్చీలో కూర్చుని ఏం చేసిందో చెప్పదు.

మొదట జేడీని, అంటే ఆ ఉద్యోగ వివరణని, కింది నుంచి పైకి చదవాలి. ఓనర్‌షిప్ అన్న మాటకి దానంతట అదే అర్థం ఉండదు. కింద రాసిన విధుల్లోంచి దానికి అర్థం వస్తుంది. ఈ ప్రకటనలో విధుల కింద గడువులోపు క్లెయిము ముగించాలి, పెండింగ్ కేసులు రోజూ చూడాలి అని ఉందనుకోండి. అంటే క్లెయిములు ఎవరి బల్లమీదో ఆగిపోవడం వాళ్లను బాధిస్తోంది. ఇక్కడ ఓనర్‌షిప్ అంటే ఆగిన కేసుని కదిలించేవాళ్లు. అదే మాట ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రకటనలో, రిలీజ్ అయ్యాక వచ్చే లోపాలు చూడాలన్న విధి పక్కన ఉంటే, రాసిచ్చి వెళ్లిపోకుండా వెనక నిలబడేవాళ్లు కావాలని. మాట ఒకటే, సాక్ష్యాలు వేరు. కాబట్టి జేడీ పక్కనే, ఒక్కో మాటకీ ఎదురుగా, వాళ్లకున్న ఇబ్బంది ఏమై ఉంటుందో మన మాటల్లో ఒక వాక్యం రాసుకోవాలి.

తర్వాత వెతకడం. జ్ఞాపకం మీద ఆధారపడితే పెద్ద గొడవలూ పొగడ్తలే గుర్తొస్తాయి, రోజువారీ పని జారిపోతుంది. కాగితాల దగ్గరికి వెళ్లాలి. ఈ అమ్మాయికి నాలుగు చోట్లున్నాయి. పంపిన మెయిళ్లు, టీపీఏ ప్రశ్నలు రాసుకునే రిజిస్టరు, డెస్క్ వాట్సాప్ గ్రూపు, ఆమె సెలవు మీద వెళ్లేటప్పుడు పక్కవాళ్లకి అప్పగిస్తూ రాసిన చీటీలు. నాలుగోది చాలామందికి తట్టదు. ‘నేను లేనప్పుడు ఇది తప్పక చూడండి’ అని రాసిన పనులే నిజంగా ఆమె మోస్తున్న పనులు. ఓనర్‌షిప్‌కి అంతకన్నా మంచి ఆనవాలు దొరకదు. అయితే ఒక జాగ్రత్త. రోగుల వివరాలున్న మెయిళ్లను సొంత ఐడీకి పంపుకోకూడదు, స్క్రీన్ ఫొటోలు తీయకూడదు. ఆఫీసులోనే చదివి, పేర్లు లేకుండా, జరిగింది ఏమిటో మాత్రమే రాసుకోవాలి.

ఇలా రిజిస్టరు తిరగేస్తే ఒక ప్రశ్న పదేపదే కనిపిస్తుంది. రోగికి బీపీ, షుగరు ఎన్నేళ్లుగా ఉన్నాయి? టీపీఏ వాళ్లు ఇది అడగడం మామూలే, పాత జబ్బుల మీద పాలసీలో నిరీక్షణ కాలం ఉంటుంది, అది గడిచేదాకా వాటికి డబ్బివ్వరు కనుక. చేర్చుకునేటప్పుడు డ్యూటీ డాక్టరు కేస్‌షీట్‌లో ‘షుగరు ఉంది’ అని రాస్తారు, ఎన్నాళ్లుగా అన్నది రాయరు. ప్రశ్న వస్తుంది, డాక్టర్ని వెతికి సంతకం పెట్టించి పంపేసరికి సగం పూట పోతుంది. ప్రశ్నకి జవాబు పంపడం ఆమె ఉద్యోగం. ఆ ప్రశ్నే రాకుండా, అడ్మిషన్ కాగితంలో ‘ఎన్నేళ్లుగా’ అన్న గడి పెట్టించడం ఎవరూ చెప్పకుండానే ఆమె చేసిన పని. ఆ గడి ఈరోజుకీ ఆ కాగితంలో ఉంది. ఓనర్‌షిప్‌కి ఇందులో మూడు ఆనవాళ్లున్నాయి. తనంతట తాను గమనించింది, పూర్తయ్యేదాకా వదల్లేదు, తను పక్కకి తప్పుకున్నా ఆ మార్పు నిలిచింది. రాత్రి 9 దాకా ఆఫీసులో ఉన్నానని రాస్తే ఈ మూడింట్లో ఒక్కటీ రుజువు కాదు.

అంకె ఎక్కడి నుంచి తేవాలి? ఊహించి 40 శాతం అని రాయడం అలవాటైపోయింది. ఇంటర్వ్యూలో ఎలా లెక్కించారని అడగ్గానే అది కూలిపోతుంది. సులువైన దారి ఉంది. గడి పెట్టకముందు వరసగా 20 కేసులు, పెట్టాక వరసగా 20 కేసులు తీసుకుని, ఈ ప్రశ్న ఎన్నింటికి వచ్చిందో రిజిస్టర్లో చేత్తో లెక్కపెట్టాలి. ఏరుకోకూడదు, వరసగానే తీసుకోవాలి. ముందు 9, తర్వాత 4 అని తేలిందనుకోండి. అలాగే రాయాలి, 20 కేసుల్లో 9 నుంచి 4కి అని. 20 కేసుల మీద శాతాలు కట్టి గొప్పగా చూపిస్తే లెక్క తెలిసినవాళ్లకి అనుమానం వస్తుంది.

ఇంకో మెలిక కూడా చూసుకోవాలి. అదే సమయంలో వేరే కారణం ఏదైనా పనిచేసిందా? 2024 మేలో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఒక మాస్టర్ సర్క్యులర్ ఇచ్చింది. దాని ప్రకారం ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అభ్యర్థన అందాక 3 గంటల్లోపు బీమా కంపెనీ ఫైనల్ అనుమతి ఇవ్వాలి. ఈ అమ్మాయి ఆ ఏడాదే మార్పు తెచ్చి ఉంటే, డిశ్చార్జి వేగం పెరగడమంతా తన ఖాతాలో వేసుకోకూడదు. ఎదురుగా కూర్చునేది టీపీఏ వాళ్లే, ఆ సర్క్యులర్ వాళ్లకి కంఠతా వచ్చు. అందుకే వేగాన్ని వదిలేసి, ప్రశ్నల సంఖ్య మాత్రమే చెప్పడం క్షేమం. అది సర్క్యులర్ వల్ల తగ్గేది కాదు.

రెజ్యూమేలో ఈ వాక్యం ఇంగ్లిష్‌లో ఉంటుంది, దాని సారం తెలుగులో ఇది: ‘జబ్బు ఎన్నేళ్లుగా ఉందన్న టీపీఏ ప్రశ్న పదేపదే రావడం గమనించి, అడ్మిషన్ కాగితంలో గడి చేర్పించాను. ఆ ప్రశ్న 20 కేసుల్లో 9 నుంచి 4కి తగ్గింది.’ ఇందులో ఓనర్‌షిప్ అన్న మాటే లేదు. ఉండనక్కర్లేదు. క్లెయిమ్స్, క్యాష్‌లెస్, టీపీఏ లాంటి పని పేర్లు మాత్రం తప్పక ఉండాలి. వెతికేవాళ్లు ముందు వెతికేది వాటినే.

ఇక స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్. దీని కింద ఎక్కువమంది రాసేది డాక్టర్లతో, ఫార్మసీతో, రోగుల బంధువులతో కోఆర్డినేట్ చేశాను అని. అది పరిచయస్థుల జాబితా. సాక్ష్యం కావాలంటే ఇద్దరు వేర్వేరు కోరికలతో ఉండాలి, ఆ ఇద్దరిమీదా మనకి అధికారం ఉండకూడదు, చివరికి ఎవరు ఏం వదులుకున్నారో చెప్పగలగాలి.

డిశ్చార్జి రోజు గుర్తుచేసుకోండి. బంధువులకి మధ్యాహ్నం భోజనాల వేళకి ఇల్లు చేరాలి. సర్జన్ ఓపీ అయ్యాక గానీ డిశ్చార్జి సమ్మరీ ముట్టుకోరు. వాడని మందులు వార్డు నుంచి తిరిగి వస్తే గానీ ఫార్మసీ బిల్లు మూయదు. మోకాలికో గుండెకో ఇంప్లాంట్ వేసుంటే దాని స్టిక్కరు లేకుండా టీపీఏ కదలదు. ఆ స్టిక్కరు తీరా చూస్తే ఆపరేషన్ థియేటర్ ఫైల్లో ఉంటుంది. వీళ్లలో ఒక్కరూ ఈ అమ్మాయి మాట వినాల్సిన పనిలేదు. మరి ఆమె ఏం చేసింది? ముందురోజు సాయంత్రం 5 గంటలకి, రేపు వెళ్లే రోగుల జాబితా అందరికీ పంపడం మొదలుపెట్టింది. సర్జన్ మొదట ఒప్పుకోలేదు, రాత్రిపూట సమ్మరీ రాయనన్నారు. డ్యూటీ డాక్టరు చిత్తుప్రతి రాస్తారు, మీరు ఉదయం రౌండ్స్‌లో దిద్ది సంతకం పెట్టండి అని తేల్చుకుంది. సర్జన్ పది నిమిషాలు ఇచ్చారు, డ్యూటీ డాక్టరుకి కొంత పని పెరిగింది, ఆ పెరిగిన పనికి బదులుగా రోగి వివరాల భాగం ఈమె నింపి ఇస్తానంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడమే సాక్ష్యం. రెజ్యూమేలో రెండు వరసలకి మించి పట్టదు, మిగతాది నోటితో చెప్పడానికి దాచుకోవాలి.

ఇక్కడ మనవాళ్లు ‘మేము’ అనేస్తారు. మర్యాద కోసం అంటారు, ‘నేను’ అంటే గొప్పలు పోయినట్టుంటుందని. వినేవారికి మాత్రం మీరు చేశారో, పక్కన నిలబడ్డారో అర్థం కాదు. జాబితా నేను మొదలుపెట్టాను, చిత్తుప్రతి డ్యూటీ డాక్టరు రాశారు అని పని పంచి చెబితే గొప్పలూ ఉండవు, గందరగోళమూ ఉండదు.

కమ్యూనికేషన్ గురించి తక్కువలోనే చెప్పొచ్చు. దాన్ని ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడటం అనుకుని భయపడేవాళ్లు ఎక్కువ. జేడీలో దాని పక్కన ఏ పని ఉందో చూడండి. ఈ ఉద్యోగంలో ఆసుపత్రులకి ప్రశ్నలు రాయడం, పాలసీదారులకి కోత ఎందుకు పడిందో వివరించడం అని ఉంది. గ్లౌజులు, రిజిస్ట్రేషన్ ఫీజు లాంటివాటికి చాలా పాలసీలు డబ్బివ్వవు. బిల్లు కౌంటర్ దగ్గర ఆ సంగతి తెలిస్తే గొడవే. ఆమె ఒక పేజీలో తెలుగులో ఆ జాబితా రాసి, చేరిన రోజునే ఇచ్చి, చదివించి సంతకం తీసుకుంటోంది. ఎవరికి, ఏ సమయంలో, ఏం చెప్పింది, దాని తర్వాత వాళ్లు ఏం చేశారు అన్న నాలుగింటికీ జవాబుంది. అది చాలు.

చివరగా, జేడీలో లీడర్‌షిప్ అని కూడా ఉందనుకోండి. రిజిస్టరూ మెయిళ్లూ తిరగేసినా దానికి ఆమె దగ్గర ఏమీ దొరకలేదు. కొత్తగా చేరినవాళ్లకి రెండు వారాలు పని నేర్పిందంతే. అలాంటప్పుడు నేర్పిన సంగతే నేర్పినట్టుగా రాయాలి, దాన్ని టీమ్‌ని నడిపానని సాగదీయకూడదు. ఎంతమంది మీ కింద పనిచేశారని ఒక్క ప్రశ్న అడిగితే ఆ సాగదీత తెగుతుంది. దాంతోపాటు పైన రాసిన 9 నుంచి 4 అన్న నిజమైన లెక్కనీ నమ్మరు. ఆ మిగిలిన నాలుగు కేసుల్లో ప్రశ్న ఎందుకు వచ్చిందో కూడా ఇంటర్వ్యూకి ముందు చూసుకుని వెళ్లాలి. ఎమర్జెన్సీలో చేరినవాళ్లకి ఆ గడి ఖాళీగా ఉండిపోయిందేమో. టీపీఏ వాళ్లు అడిగేది సరిగ్గా ఆ నాలుగింటి గురించే.

నమస్కారం.